కొత్త గోడౌన్ రాయగడలోనా, పార్వతీపురంలోనా, రామభద్రపురంలోనా? గరిమనాభి లెక్కని ఎంతవరకు నమ్మాలి

రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో సబ్బులు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్లు పంచే తెలుగు వ్యాపారులకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. సరుకు వైజాగ్ నుంచి వస్తుంది. అమ్మకం జయపురం నుంచి పర్లాకిమిడి దాకా పరుచుకుని ఉంటుంది. పాత గోడౌన్ చాలడం లేదు. కొత్తది ఎక్కడ పెట్టాలి? ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ లెక్క వేద్దామంటారు. మన పుస్తకాల భాషలో గరిమనాభి పద్ధతి. లెక్క అరగంటలో అయిపోతుంది, మ్యాప్ మీద ఒక చుక్క వస్తుంది. ఆ చుక్క చూసి స్థలం బేరానికి వెళ్తేనే కష్టం మొదలవుతుంది.

ఈ పద్ధతి మంచిదే. కానీ ఆ పేరుతో చలామణీ అయ్యేవి నిజానికి మూడు వేర్వేరు లెక్కలు, మన కొండ ప్రాంతంలో ఆ మూడూ మూడు చోట్లు చూపిస్తాయి. ఏ లెక్క ఏ పనికి, చివరికి దేన్ని బట్టి తేల్చుకోవాలి అన్నది ఒకే ఉదాహరణ మీద చూద్దాం. ఇందులోని టన్నులు, కిరాయి రేట్లు ఉదాహరణ కోసం అనుకున్నవి. దూరాలు గుండ్రం చేసినవి. మీ బిల్లుల నుంచి, మీ డ్రైవర్ మీటరు నుంచి మీ అంకెలు తీసుకుని ఇదే దారిలో నడవండి.

మొదటి లెక్క: తూకం వేసిన సగటు

మ్యాప్‌లో ఒక్కో ఊరి మీద వేలు నొక్కి పట్టుకుంటే అక్షాంశం, రేఖాంశం వస్తాయి. వాటిని కిలోమీటర్లలోకి మార్చుకుంటే పని సుఖం. మన వైపు ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 105. ఈ రెండో అంకె భూమధ్యరేఖ దగ్గర 111 ఉండి, ఉత్తరానికి పోయేకొద్దీ తగ్గుతుంది. రెండింటికీ 111 వాడేస్తే తూర్పు పడమరల దూరాలన్నీ కాస్త సాగిపోతాయి. రేఖాంశం 82, అక్షాంశం 17 కలిసే చోటుని సున్నా అనుకుని కొలిస్తే మన ఊళ్ళు ఇలా కూర్చుంటాయి.

| ఊరు | వారానికి టన్నులు | తూర్పుకి కి.మీ. | ఉత్తరానికి కి.మీ. |
|---|---|---|---|
| జయపురం | 30 | 60 | 206 |
| రాయగడ | 20 | 148 | 241 |
| పర్లాకిమిడి | 15 | 219 | 198 |
| గుణుపురం | 10 | 190 | 231 |
| మునిగుడ | 5 | 156 | 292 |
| వైజాగ్ (సరుకు వచ్చే చోటు) | 80 | 128 | 77 |

ఒక్కో ఊరి టన్నులని దాని దూరంతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం టన్నులతో భాగిస్తే చుక్క వస్తుంది. తూర్పుకి ఒకసారి, ఉత్తరానికి ఒకసారి. వైజాగ్‌ని వదిలేసి అమ్మకం ఊళ్ళు ఐదింటికే చేస్తే తూర్పుకి 134, ఉత్తరానికి 222 వస్తుంది. మ్యాప్‌లో ఇది రాయగడకి నైరుతిగా 24 కిలోమీటర్ల అవతల, నారాయణపట్నం, బంధుగాం వైపు కొండల్లో పడుతుంది. అక్కడ పది చక్రాల లారీ తిప్పుకోవడానికి జాగా వెతకాలన్నా కష్టమే.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు, లేదా చుక్కకి దగ్గర పట్నం ఏదో చూసుకుని అదే జవాబు అనుకుంటారు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. గోడౌన్‌కి సరుకు రావాలి కూడా. ఆ 80 టన్నులూ వైజాగ్ నుంచే వస్తాయి కాబట్టి వైజాగ్ కూడా ఒక బరువే. దాన్ని అలాగే కలిపేస్తే చుక్క 131, 149 దగ్గరికి, అంటే ఏకంగా 70 కిలోమీటర్లకి పైగా దక్షిణానికి జారి గజపతినగరం చుట్టుపక్కల పడుతుంది. రాయగడ కొండల్లో ఉన్న చుక్క ఒక్క వరుస చేర్చగానే విజయనగరం జిల్లా మైదానంలోకి దిగిపోయింది.

ఇదీ సరైనది కాదు. ఎందుకంటే వైజాగ్ నుంచి వచ్చే టన్నుకీ, గోడౌన్ నుంచి పర్లాకిమిడికి పోయే టన్నుకీ ఖర్చు ఒకటి కాదు. వచ్చేది ఫుల్ లోడ్. 16 టన్నుల లారీకి కిలోమీటరుకి 64 రూపాయల కిరాయి అనుకుంటే టన్నుకి, కిలోమీటరుకి 4 రూపాయలు పడుతుంది. పోయేది చిన్న బండి. 4 టన్నులు పట్టే బండికి కిలోమీటరుకి 24 రూపాయల ఖర్చు, వెళ్ళేటప్పుడు నిండుగా వెళ్ళి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుంది, అంటే సరుకున్న ప్రతి కిలోమీటరుకి 48. నాలుగు టన్నులకి పంచితే 12 రూపాయలు. ఒకటికి మూడింతలు. కాబట్టి టన్నులని రేటుతో కూడా గుణించాలి. ఎక్సెల్‌లో B టన్నులు, C రేటు, D తూర్పు, E ఉత్తరం అనుకుంటే ఇంతే:

```
X: =SUMPRODUCT(B2:B7,C2:C7,D2:D7)/SUMPRODUCT(B2:B7,C2:C7)
Y: =SUMPRODUCT(B2:B7,C2:C7,E2:E7)/SUMPRODUCT(B2:B7,C2:C7)
```

ఈసారి చుక్క సుమారు 133, 186 దగ్గర, సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం మధ్యలో మక్కువ వైపు పడుతుంది. మూడుసార్లు వేశాం, తూర్పు అంకె 131 నుంచి 134 లోపే తిరిగింది, ఉత్తరం అంకె మాత్రం 222, 149, 186 అని ఊగింది. మన వైపు ఈ ప్రశ్న అసలు ఉత్తర దక్షిణాల ప్రశ్న. కొండ పైకి సరుకుని ఎంతదాకా పెద్ద లారీలో తీసుకెళ్ళి, ఎక్కడ చిన్న బండ్లలోకి మార్చాలి అన్నదే తేలాల్సింది. దాన్ని తేల్చేది ఆ 4కీ 12కీ ఉన్న నిష్పత్తి. కాబట్టి చుక్క వెతకడానికి ముందు మీ రెండు రేట్లూ నిజాయితీగా లెక్క కట్టుకోండి. చిన్న బండి సగం నిండి వెళ్తుంటే మీ రేటు 12 కాదు, 24. చిప్స్, కుర్‌కురేల లాంటి సరుకైతే బండి నిండిపోతుంది కానీ బరువు తూగదు, అప్పుడు టన్నులకి బదులు ఎన్ని బండ్లు నిండాయో లెక్కపెట్టాలి.

ఇంకో జాగ్రత్త. టన్నులు బిల్లు వెళ్ళిన ఊరి పేరు మీద కాదు, సరుకు దిగిన ఊరి పేరు మీద రాయాలి. జయపురం పార్టీ పేరున బిల్లయి నవరంగపురంలో దిగే సరుకు నవరంగపురం బరువే. ఉదాహరణ చిన్నగా ఉండాలని ఇక్కడ ఆ వైపు మొత్తాన్నీ జయపురం మీదే వేశాను.

రెండో లెక్క: మళ్ళీ మళ్ళీ దిద్దేది

పై లెక్కలో ఒక లోపం ఉంది. తూకం వేసిన సగటు దూరాన్ని తగ్గించదు, దూరం వర్గాన్ని తగ్గిస్తుంది. ఒక పలక మీద ఊళ్ళు ఉన్నచోట బరువులు పెట్టి, ఒక్క వేలి మీద అది ఒరగకుండా నిలిచే చోటు వెతికితే దొరికేదే ఈ సగటు. అక్కడ దూరంగా ఉన్న బరువు ఎక్కువగా లాగుతుంది. లారీ కిరాయి అలా పెరగదు. రెండింతల దూరానికి రెండింతల కిరాయే, నాలుగింతలు కాదు. కిరాయికి సరిపోయే బొమ్మ ఇంకొకటి: అదే పలకకి ఊళ్ళున్న చోట కన్నాలు పెట్టి, ఒక్కో దాంట్లోంచి దారం దింపి, కింద ఆ ఊరి బరువు వేలాడదీసి, పైన దారాలన్నీ ఒక ముడి వేస్తే ఆ ముడి ఎక్కడ ఆగుతుందో అదీ నిజమైన చౌక చోటు. దారం పొడవు ఎంతైనా లాగేది దాని బరువే. 1909లో ఆల్ఫ్రెడ్ వెబర్ ఫ్యాక్టరీల చోటు గురించి రాసినప్పుడు ఈ బరువుల పరికరాన్నే చూపించారు.

ఆ ముడి చోటుని నేరుగా ఒక సూత్రంతో కట్టలేం. 1937లో హంగరీకి చెందిన వైస్‌ఫెల్డ్ చూపిన దారి ఇది: సగటు చుక్కతో మొదలుపెట్టు, అక్కడి నుంచి ఒక్కో ఊరికి దూరం కొలువు, ఒక్కో ఊరి బరువుని ఆ దూరంతో భాగించి కొత్త బరువు అనుకో, మళ్ళీ సగటు వెయ్యి, చుక్క కదలడం మానేదాకా ఇలాగే చెయ్యి.

అమ్మకం ఊళ్ళు ఐదింటితో వేసి చూద్దాం. మొదటి విడతలోనే చుక్క 134, 222 నుంచి 139, 229కి, రాయగడ దిక్కుగా కదులుతుంది. తర్వాతి విడతల్లోనూ అదే దిక్కు. చివరికి ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి అన్ని విడతలూ వెయ్యక్కర్లేదు. ముడిని రాయగడ కన్నం మీద పెట్టి, మిగతా నాలుగు ఊళ్ళూ కలిసి ఎంత గట్టిగా లాగుతున్నాయో చూస్తే చాలు. జయపురం 30 పడమటికి లాగుతుంది, పర్లాకిమిడి 15, గుణుపురం 10 తూర్పుకి లాగి దాన్ని చాలావరకు కొట్టేస్తాయి, మునిగుడ 5 ఉత్తరానికి. ఎదురెదురు లాగుళ్ళు పోను మిగిలేది సుమారు 17, దాదాపుగా దక్షిణానికి. రాయగడ సొంత బరువు 20. పదిహేడుకి ఇరవై కదలదు. కాబట్టి జవాబు రాయగడ ఊరే, దాని పక్కన ఇంకెక్కడో కాదు. సగటు చూపిన కొండల చుక్కతో పోలిస్తే మొత్తం టన్ను-కిలోమీటర్లు 5002 నుంచి 4776కి తగ్గుతాయి, దాదాపు నాలుగున్నర శాతం.

చుక్క సరిగ్గా ఒక ఊరి మీద పడితే ఆ ఊరికి దూరం సున్నా అవుతుంది, ఎక్సెల్ గడిలో `#DIV/0!` వస్తుంది. లెక్క తప్పిందని టెన్షన్ పడకండి. ఆ ఊరినే పైన చెప్పిన లాగుడు పరీక్షకి పెట్టండి. ఊరి సొంత బరువు నెగ్గితే అదే జవాబు, ఓడితే చుక్కని కాస్త పక్కకి జరిపి లెక్క కొనసాగించండి.

మైదాన ప్రాంతంలో, ఊళ్ళు దగ్గర దగ్గరగా, రోడ్లు నాలుగు దిక్కులా ఉండే చోట ఈ రెండో లెక్క చక్కగా పనికొస్తుంది. మన దగ్గర అది కూడా పూర్తిగా చాలదు, ఎందుకంటే ఇదీ గాల్లో గీత గీసినట్టు తిన్నటి దూరాలనే నమ్ముతుంది. వైజాగ్ నుంచి రాయగడకి తిన్నగా కొలిస్తే 165 కిలోమీటర్లు, రోడ్డు మీద 190 దాకా ఉంటుంది. రోడ్డు పదిహేను శాతమే ఎక్కువ. రాయగడ నుంచి గుణుపురానికి తిన్నగా 43, రోడ్డు మీద సుమారు 70. అంటే అరవై శాతం ఎక్కువ. అన్ని దిక్కులా ఒకే పాళ్ళలో పెరిగితే చుక్క కదలదు. ఒక దిక్కున పదిహేను, ఇంకో దిక్కున అరవై అయితే లెక్క మొత్తం ఒరిగిపోతుంది.

మూడో లెక్క: ఊళ్ళ పట్టిక

అందుకే చుక్కని చిరునామాగా కాక, ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తుగా తీసుకుని, దాని చుట్టూ లారీ నిలబడగల మూడు నాలుగు ఊళ్ళు ఎంచుకుని, ఒక్కోదాని నుంచి అసలు రోడ్డు దూరాలతో ఖర్చు కట్టడమే నేను నమ్మే పద్ధతి. ఇలా కొన్ని ఊళ్ళకే పరిమితమైతే మధ్యలో ఎక్కడో ఉన్న ఇంకా చౌక చోటు తప్పిపోతుందేమోనన్న అనుమానం అక్కర్లేదు. 1964లో హకీమి నిరూపించిన విషయం ఒకటుంది: ఖర్చు రోడ్డు దూరాన్ని బట్టి పెరిగేదైతే, అతి చౌక చోటుల్లో ఒకటి తప్పకుండా ఏదో ఒక ఊరో, కూడలో అయి ఉంటుంది. కారణం సులువే. రెండు కూడళ్ళ మధ్య రోడ్డు మీద గోడౌన్‌ని జరుపుతుంటే కొందరికి ప్రతి కిలోమీటరుకి ఒక కిలోమీటరు దగ్గరవుతాం, కొందరికి అంతే దూరమవుతాం. దగ్గరయ్యే వైపు బరువెక్కువుంటే ఆ కొసదాకా వెళ్ళడమే లాభం, మధ్యలో ఆగడానికి కారణం ఉండదు. కాబట్టి ఊళ్ళూ కూడళ్ళూ పోల్చుకుంటే చాలు.

మన ఉదాహరణకి మూడు తీసుకుందాం. రాయగడ. పార్వతీపురం. సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి నుంచి బొబ్బిలి రోడ్డు చీలే రామభద్రపురం. కిలోమీటర్లు సుమారుగా ఇవి.

| ఎక్కడికి | రాయగడ నుంచి | పార్వతీపురం నుంచి | రామభద్రపురం నుంచి |
|---|---|---|---|
| వైజాగ్ | 190 | 145 | 100 |
| జయపురం | 130 | 145 | 115 |
| రాయగడ | 5 | 45 | 90 |
| పర్లాకిమిడి | 120 | 85 | 110 |
| గుణుపురం | 70 | 70 | 115 |
| మునిగుడ | 65 | 110 | 155 |

రాయగడకి లెక్క చూడండి. వచ్చే సరుకు 80 టన్నులు, 190 కిలోమీటర్లు, 4 రూపాయలు: 60,800. పోయే సరుకు టన్ను-కిలోమీటర్లన్నీ కలిపితే 6,825, ఒక్కోదానికి 12 రూపాయలు: 81,900. మొత్తం వారానికి 1,42,700. ఇలాగే పార్వతీపురానికి 1,39,700, రామభద్రపురానికి 1,37,900.

మూడింటికీ తేడా నాలుగు శాతం లోపే. గోడౌన్‌ని 90 కిలోమీటర్లు జరిపినా ఖర్చు పెద్దగా మారలేదు. పైకి జరిపితే వచ్చే కిరాయి పెరుగుతుంది, పోయే కిరాయి తగ్గుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి. ఇలా వచ్చినప్పుడు అన్నిటికన్నా తక్కువ చూపిన ఊరే గెలిచిందని సంతకం పెట్టకండి. ముందు రేటుని కదిపి చూడండి. పోయే రేటు 12 బదులు 10 అయితే రామభద్రపురం స్పష్టంగా చౌక. 15 అయితే మూడూ ఒక శాతం తేడాలో ఒక్కచోటే నిలబడతాయి. 18 అయితే రాయగడ ముందుకొస్తుంది. మీ చిన్న బండ్లు ఎంత నిండి వెళ్తున్నాయో తెలియకుండా ఈ మూడింట్లో ఏది మంచిదో ఎవరూ చెప్పలేరు.

జయపురాన్ని పక్కన పెడితే

మూడు చోట్లా ఖర్చు దాదాపు ఒకటే రావడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది పట్టుకుంటేనే అసలు లాభం. మన ఐదు ఊళ్ళు ఒక గుంపు కాదు, రెండు. రాయగడ, గుణుపురం, మునిగుడ, పర్లాకిమిడి ఒక వైపు. జయపురం ఒంటరిగా పడమటి పీఠభూమి మీద. మధ్యలో ఘాట్లు. ఏ సగటు వేసినా ఆ రెండు గుంపుల నడుమ ఎవరికీ దగ్గర కాని చోట చుక్క పడుతుంది. గుర్తుపట్టడం ఎలాగంటే, చుక్క చుట్టూ ముప్ఫై నలభై కిలోమీటర్ల రోడ్డు దూరంలో మీ సరుకులో ఎంత అమ్ముడవుతోందో చూడండి. దాదాపు ఏమీ లేకపోతే మీకు కావాల్సింది ఒక మధ్య చోటు కాదు, సరుకుని విడదీయడం.

జయపురానికి వారానికి 30 టన్నులు పోతోంది. అంటే దాదాపు రెండు ఫుల్ లోడ్లు. వైజాగ్‌లో ఎక్కిన సరుకుని మధ్యలో దించి, మళ్ళీ చిన్న బండ్లలోకి ఎక్కించి, 12 రూపాయల రేటు మీద ఘాట్ ఎక్కించడం ఎందుకు? అదే లారీ సాలూరు ఘాట్ మీదుగా నేరుగా జయపురం వెళ్తే సుమారు 220 కిలోమీటర్లు. 30 టన్నులు, 4 రూపాయలు: 26,400. అదే ఖర్చు గోడౌన్ రాయగడలో ఉండి అక్కడి నుంచి పంపితే వచ్చే, పోయే కిరాయిలు కలిపి 69,600. విచిత్రంగా పార్వతీపురం నుంచి వేసినా సరిగ్గా అంతే.

జయపురాన్ని ఇలా విడదీసి మిగతా 50 టన్నులకి పట్టిక మళ్ళీ వేసి, జయపురం నేరు కిరాయిని కలిపితే:

| గోడౌన్ | మిగతా ఊళ్ళకి | జయపురం నేరుగా | వారానికి మొత్తం |
|---|---|---|---|
| రాయగడ | 73,100 | 26,400 | 99,500 |
| పార్వతీపురం | 70,100 | 26,400 | 96,500 |
| రామభద్రపురం | 84,500 | 26,400 | 1,10,900 |

ఊరు మార్చి చూస్తే వారానికి ఐదు వేలకి మించి మిగలలేదు. సరుకుని విడదీస్తే రాయగడలోనే ఉండి వారానికి 43,000 పైగా మిగులుతోంది. ముందు లెక్కలో నెగ్గిన రామభద్రపురం ఇక్కడ చివరికి పోయింది, ఎందుకంటే దాన్ని ఇంతదాకా నిలబెట్టింది సాలూరు ఘాట్ మీదుగా జయపురానికి ఉన్న దగ్గరి దారి ఒక్కటే.

ఈ మిగులు ఊరికే రాదు. జయపురంలో 16 టన్నులు ఒక్కసారి దించుకోగల చిన్న గోడౌన్ అయినా ఉండాలి, లేదా అక్కడి స్టాకిస్టు ఫుల్ లోడ్ తీసుకుని డబ్బు తిప్పగలగాలి. ఆ అద్దె, ఆ సరుకు మీద ఆగిపోయే పెట్టుబడి వడ్డీ ఈ 43,000లోంచి తీసేసి చూడాలి. వారానికి నాలుగైదు రకాలే ఎక్కువగా కదిలే వ్యాపారమైతే ఇది సులువు. రెండు మూడు వందల రకాలు కొంచెం కొంచెంగా పోయేదైతే జయపురంలో ఒకటి ఎప్పుడూ అయిపోయి, ఇంకొకటి ఎప్పుడూ మిగిలిపోయి ఉంటుంది. అప్పుడు బాగా కదిలే సరుకు నేరుగా, మిగతాది రాయగడ నుంచి వారానికి ఒక బండిలో పంపడం మంచిది.

ఇక రాయగడా, పార్వతీపురమా

రామభద్రపురం పోయాక మిగిలిన తేడా వారానికి 3,000, ఏడాదికి లక్షన్నర చిల్లర, పార్వతీపురం పక్షాన. ఇది చిన్నదే. పర్లాకిమిడి దూరం 120 అని వేశాం, గుణుపురం వెళ్ళే బండే పర్లాకిమిడి సరుకు కూడా మోసుకెళ్తే ఆ లెక్కలో కొంత రెండుసార్లు పడినట్టే. టన్ను-కిలోమీటర్ల పద్ధతికి ఒక బండి దారిలో రెండు మూడు ఊళ్ళు దించుకుంటూ పోతుందన్న సంగతి తెలియదు. ఈ మాత్రం తేడాని కిరాయి లెక్క తేల్చలేదు, సరిహద్దు తేలుస్తుంది.

2017 జూలైలో జీఎస్టీ రాకముందు, రాష్ట్రం దాటి అమ్మితే కేంద్ర అమ్మకం పన్ను పడేది. దాన్ని తప్పించుకోవడానికే కంపెనీలు రాష్ట్రానికో డిపో పెట్టేవి. ఇప్పుడు రాష్ట్రం దాటినా పన్ను క్రెడిట్ చేతికి వస్తుంది కాబట్టి ఆంధ్రలో గోడౌన్ పెట్టి ఒడిశాకి పంచడం పన్ను రీత్యా తప్పు కాదు. కానీ కాగితాల పని పోలేదు. ప్రతి రాష్ట్రానికీ రిజిస్ట్రేషన్ వేరు. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు కావాలి. నా ఉద్దేశంలో చూడాల్సింది, సరిహద్దుని పెద్ద లారీ దాటుతోందా, చిన్న బండ్లు దాటుతున్నాయా అన్నది. గోడౌన్ రాయగడలో ఉంటే వైజాగ్ లారీ ఒక్క కాగితంతో ఒక్కసారి దాటేస్తుంది, ఆ తర్వాతిదంతా ఒడిశా లోపలి బిల్లింగే. పార్వతీపురంలో ఉంటే రోజూ బయల్దేరే ప్రతి చిన్న బండీ, దాంట్లో ఉన్న ప్రతి పార్టీ బిల్లూ రాష్ట్రం దాటుతుంది. బిల్లింగ్ దగ్గర కూర్చునే మనిషికి ఇదే పెద్ద భారం. పైగా కంపెనీలు స్కీములు, ధరలు, ఏరియాలు రాష్ట్రాల వారీగానే ఇస్తుంటాయి. ఒడిశా ఏరియా ఉన్న వాళ్ళు ఆంధ్రలో స్టాకు పెట్టడానికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో స్థలం చూడకముందే అడగాలి.

అందుకని అమ్మకమంతా ఒడిశాలోనే ఉన్న వ్యాపారానికి నేను రాయగడే చెప్తాను, ఆ లక్షన్నర పోయినా. కురుపాం, సాలూరు, బొబ్బిలి లాంటి ఆంధ్ర ఊళ్ళ ఏరియా కూడా మీకు వస్తే అప్పుడు మాట వేరు. ఆ ఊళ్ళ టన్నులు పట్టికలో కలపగానే పార్వతీపురం తేడా పెరుగుతుంది, రెండు రాష్ట్రాల కాగితాలు ఎలాగూ తప్పవు కాబట్టి సరిహద్దు అభ్యంతరం కూడా బలహీనపడుతుంది.

జయపురం నేరు లారీ విషయంలో మాత్రం ఒక అంకె గోడ మీద రాసి పెట్టుకోండి. రాయగడ మీదుగా పంపితే 69,600 కదా, దాన్ని 30 టన్నులు, 220 కిలోమీటర్లతో భాగిస్తే సుమారు 10 రూపాయల 55 పైసలు. నేరు లారీ ఖర్చు టన్ను-కిలోమీటరుకి అంతకు తక్కువ ఉన్నంతకాలం అదే లాభం. 16 టన్నుల లారీ కిలోమీటరుకి 64 రూపాయలు తీసుకుంటుంటే, దాంట్లో 6 టన్నులకి కాస్త పైగా ఎక్కితే చాలు, ఆ గీత దాటరు. అంటే సగం కన్నా తక్కువ నిండిన లారీ కూడా నేరుగా వెళ్ళడమే నయం. వానల్లో ఘాట్ మీద కొండ చరియలు పడి లారీ ఒక రోజు ఆగినా, డ్రైవర్ వెయిటింగ్ అడిగినా ఆ గీతకి ఎంత దూరంలో ఉన్నారో వెంటనే తెలుస్తుంది. రాయపూర్–విశాఖ కొత్త కారిడార్ రోడ్డు మీద లారీలు నడవడం మొదలయ్యాక కొరాపుట్ వైపు కిలోమీటర్లూ, గంటలూ మారతాయి. ఆ రోజున 220 అన్న అంకె తీసేసి కొత్త అంకె వేసి, పట్టిక మొత్తం ఇంకోసారి కట్టండి.